టీవీ వెనుక నాలుగు పోర్టులు: కన్సోల్, సౌండ్‌బార్, స్టిక్ ఏది ఎక్కడ పెట్టాలి?

బెంగళూరు మారతహళ్లిలో మా పిన్ని వాళ్ల ఫ్లాట్లో కొత్త టీవీ గోడకు బిగించి రెండు నెలలయింది. దానికి పిఎస్5 గేమ్ కన్సోల్, సౌండ్‌బార్, స్ట్రీమింగ్ స్టిక్, తెలుగు ఛానెళ్ల కోసం సెట్‌టాప్ బాక్సు తగిలించారు. నాలుగూ పనిచేస్తున్నాయి కాబట్టి అంతా సవ్యంగా ఉందనే అనుకున్నారు. అయితే మా తమ్ముడు కొత్తగా కొన్న ఆటలో, చిత్రం సెకనుకు 120 సార్లు మారుతుందని చెప్పే 120 హెర్ట్జ్ అనే మాటే ఎక్కడా కనిపించడం లేదు. సౌండు పెంచాలంటే టీవీ రిమోట్ పక్కన పెట్టి సౌండ్‌బార్ రిమోట్ వెతుక్కోవాలి. సినిమా పేరు పక్కన, చుట్టూ పైనుంచీ వినిపించే డాల్బీ శబ్దానికి గుర్తుగా అట్మాస్ అని ఉన్నా సౌండ్‌బార్ మీద ఆ గుర్తు ఒక్కసారీ వెలగలేదు. బాబాయి టీవీ వెనక్కి ఇచ్చేద్దామనే దాకా వచ్చారు.

టీవీలో లోపం ఏమీ లేదు. చిత్రాన్నీ శబ్దాన్నీ కలిపి మోసే హెచ్‌డిఎంఐ తీగలు తప్పు పోర్టుల్లో ఉన్నాయి. మార్చడానికి ఇరవై నిమిషాలు పట్టింది, ఎందుకు మార్చాలో అందరికీ చెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది. ఆ సాయంత్రం వాళ్ల ఇంట్లో చేసిన పనినే ఇక్కడ అడుగు తర్వాత అడుగుగా రాస్తున్నాను. మీ టీవీలో పోర్టుల అంకెలు వేరుగా ఉండవచ్చు, కానీ వాటిని ఎంచుకునే వరుస మాత్రం ఇదే.

ముందు పోర్టుల పేర్లు చదవండి

ఏ తీగా ఊడదీయకముందే ఫోన్ కెమెరాను టీవీ వెనక్కి చాపి, ఫ్లాష్ వేసి, పోర్టులన్నీ కనిపించేలా రెండు మూడు ఫోటోలు తీసుకోండి. గోడకు బిగించిన టీవీ వెనుక తల పెట్టి చూడటం కన్నా ఇది ఎంతో సులువు. పైగా ఏ తీగ ఎక్కడ ఉండేదో మరిచిపోయినప్పుడు ఆ ఫోటోయే దిక్కు.

ఫోటోను పెద్దది చేసి ప్రతి పోర్టు పక్కనా ఏం రాసి ఉందో చూడండి. మీకు కావలసినవి రెండే గుర్తులు. ఒకటి `eARC/ARC`, అంటే టీవీ శబ్దాన్ని సౌండ్‌బార్‌కు పంపే ఆర్క్, దాని మెరుగైన రూపం ఇ-ఆర్క్. ఇది ఒక్క పోర్టు దగ్గరే ఉంటుంది. రెండోది `4K 120Hz`. ఇది ఒకటి రెండు పోర్టుల దగ్గర ఉంటుంది, కొన్ని ఖరీదైన టీవీల్లో నాలుగింటికీ ఉంటుంది. పోర్టు పక్కన ఏమీ రాసి లేకపోతే, మీ టీవీ మోడల్ నంబరుతో కంపెనీ ఇచ్చిన మాన్యువల్ తెరిచి ఈ రెండు గుర్తుల కోసమే వెతకండి.

పిన్ని వాళ్ల టీవీలో ఫోటో ఇలా చెప్పింది. 1, 2 పోర్టులు మామూలువి, 4కె చిత్రాన్ని సెకనుకు 60 సార్ల వరకు తీసుకోగలవు. 3వ పోర్టు దగ్గర `4K 120Hz`, `eARC/ARC` రెండూ ఉన్నాయి. 4వ పోర్టు దగ్గర `4K 120Hz` మాత్రమే ఉంది. ఈ అమరిక చాలా టీవీల్లో కనిపిస్తుంది. సోనీ బ్రావియా మోడళ్లలో ఎన్నింటిలోనో 3, 4 పోర్టులే వేగంగా ఉంటాయి, ఇ-ఆర్క్ కూడా 3వ దానికే ఉంటుంది.

నాలుగు రంధ్రాలూ చూడటానికి ఒకేలా ఉన్నా లోపల తేడా ఎంతో ఉంది. 2013లో వచ్చిన హెచ్‌డిఎంఐ 2.0 ప్రమాణం ప్రకారం ఒక పోర్టు సెకనుకు 18 గిగాబిట్ల సమాచారాన్ని మోయగలదు. 4కె చిత్రం సెకనుకు 60 సార్లు మారడానికి అది సరిపోతుంది, 120 సార్లకు చాలదు. 2017లో వచ్చిన 2.1 ప్రమాణం ఆ పరిమితిని 48 గిగాబిట్లకు పెంచింది. అంత వేగం ఇచ్చే భాగాలు ఖరీదైనవి. అందుకే చాలా టీవీల్లో రెండు పోర్టులకే ఆ వేగం ఇచ్చి, మిగతా రెండింటినీ పాత వేగంతోనే వదిలేస్తారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పెట్టె మీద హెచ్‌డిఎంఐ 2.1 అని ఉన్నంత మాత్రాన ఆ టీవీ 120 హెర్ట్జ్ తీసుకుంటుందని నమ్మకండి. 2.1 ప్రమాణంలోని సౌకర్యాలన్నీ ఐచ్ఛికమే. ఇ-ఆర్క్ లాంటి ఒకటి రెండు సౌకర్యాలున్నా ఆ అంకె వేసుకోవచ్చు. తెర స్వయంగా 60 హెర్ట్జ్‌ది అయినప్పుడు ఏ పోర్టులో పెట్టినా 4కెలో 120 రాదు. కాబట్టి 2.1 అనే అంకెను వదిలేసి `4K 120Hz` అనే మాట కోసమే చూడండి.

సౌండ్‌బార్‌కు మొదట చోటు ఇవ్వండి

చాలామంది కన్సోల్‌తో మొదలుపెడతారు, అందరికీ ఉత్సాహం దాని మీదే కాబట్టి. నేను సౌండ్‌బార్‌తో మొదలుపెట్టమంటాను. కన్సోల్‌కు రెండు చోట్లు దొరకవచ్చు, స్టిక్‌కు నాలుగు చోట్లు దొరుకుతాయి, సౌండ్‌బార్‌కు మాత్రం ఒక్కటే చోటు ఉంది. ఎంచుకునే వీలు లేని దానికి ముందు చోటు ఇచ్చేస్తే మిగతావి వాటంతట అవే తేలిపోతాయి.

కారణం ఇది. మిగతా పరికరాలన్నీ టీవీకి సమాచారం పంపుతాయి. సౌండ్‌బార్ విషయంలో దారి తిరగబడుతుంది, టీవీయే శబ్దాన్ని బయటికి పంపాలి. అలా వెనక్కి పంపగలిగే పోర్టు `eARC/ARC` అని రాసినది ఒక్కటే. మరే పోర్టులో పెట్టినా సౌండ్‌బార్ మౌనంగా ఉండిపోతుంది. పిన్ని వాళ్ల ఇంట్లో జరిగింది అదే. టీవీ బిగించడానికి వచ్చిన అబ్బాయి సౌండ్‌బార్ తీగను 2వ పోర్టులో పెట్టాడు, శబ్దం రాలేదు. వెంటనే ఆప్టికల్ తీగ తగిలించాడు, శబ్దం వచ్చింది, పని అయిపోయిందని వెళ్లిపోయాడు. ఆప్టికల్ తీగ శబ్దాన్ని మాత్రమే మోస్తుంది, రిమోట్ ఆజ్ఞలను మోయదు. వాళ్లకు రెండు రిమోట్లు కావలసి రావడానికి అదే కారణం. అట్మాస్ శబ్దం కూడా ఆ తీగలో పట్టదు. కాబట్టి సౌండు తగ్గించడానికి రెండో రిమోట్ వెతుక్కుంటున్నారంటే, ముందు మీ సౌండ్‌బార్ ఏ తీగతో కలిసి ఉందో చూడండి.

సౌండ్‌బార్ వైపు కూడా జాగ్రత్త అవసరం. దాని వెనుక రెండు హెచ్‌డిఎంఐ రంధ్రాలుంటే, `TV eARC` అనో `HDMI OUT` అనో రాసిన దాంట్లోనే టీవీ నుంచి వచ్చే తీగ పెట్టాలి. `HDMI IN` అన్నది వేరే పరికరాల కోసం. టీవీ వైపు అంతా సరిగ్గా ఉండి కూడా శబ్దం రాకపోతే, పదిసార్లలో ఎక్కువసార్లు నాకు తప్పు ఇక్కడే దొరికింది.

టీవీనీ సౌండ్‌బార్‌నూ స్విచ్ దగ్గర ఆపేసి, తీగ మార్చి, తర్వాత రెండింటినీ వేయండి. ఆ తర్వాత టీవీ సెట్టింగుల్లో శబ్దం విభాగానికి వెళ్లి, బయటికి పంపే శబ్దాన్ని సౌండ్‌బార్‌కు మార్చండి, `eARC` అన్నది `Auto` మీద ఉంచండి. ఒక పరికరం మరో పరికరానికి ఆజ్ఞలు పంపే సిఇసి సౌకర్యం కూడా వేసి ఉండాలి. దీన్ని ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో పిలుస్తుంది. సోనీ `BRAVIA Sync` అంటుంది, ఎల్‌జీ `SIMPLINK` అంటుంది, శాంసంగ్ `Anynet+` అంటుంది. చాలా టీవీల్లో ఇది ఆపేసి ఉంటే ఆర్క్ పనిచేయదు.

కన్సోల్‌కు మిగిలిన వేగవంతమైన పోర్టు

సౌండ్‌బార్ 3వ పోర్టు తీసుకుంది. ఇక `4K 120Hz` అని రాసినది 4వ పోర్టు ఒక్కటే మిగిలింది. అది కన్సోల్‌ది, మరొకరికి ఇవ్వకండి.

పిన్ని వాళ్ల ఇంట్లో ఆ 4వ పోర్టులో స్టిక్ కూర్చుని ఉంది. కన్సోల్ మాత్రం పక్కవైపు నుంచి అందుబాటులో ఉందని 1వ పోర్టులోకి వెళ్లింది. కన్సోల్‌కు ఆ పోర్టు 4కెలో 60 దాటి తీసుకోదని తెలుసు. అందుకే 120 అనే ఐచ్ఛికాన్ని తమ్ముడికి చూపించనే లేదు. ఎక్కడా తప్పు అని చెప్పదు, ఆగిపోదు, ఉన్నంతలో సర్దుకుపోతుంది. ఈ పొరపాటు నెలల తరబడి బయటపడకపోవడానికి కారణం ఇదే.

ఇక్కడ ఒక చిన్న ఊరట. కొన్ని టీవీల్లో వేగవంతమైన పోర్టు 48 కాకుండా 40 గిగాబిట్లదని తెలిసి కొందరు దిగులు పడతారు. పిఎస్5 పంపేదే గరిష్ఠంగా 32 గిగాబిట్లు, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ పంపేది 40. కాబట్టి 40 గిగాబిట్ల పోర్టులో ఈ రెండు కన్సోళ్లకూ ఏమీ తగ్గదు.

కన్సోల్‌ను సౌండ్‌బార్‌లోని `HDMI IN` లో పెట్టి, అక్కడి నుంచి టీవీకి పంపవచ్చు కదా అని బాబాయి అడిగారు. మంచి ప్రశ్నే. కానీ చాలా సౌండ్‌బార్లు తమ గుండా 18 గిగాబిట్ల వరకే వెళ్లనిస్తాయి. అప్పుడు టీవీలో ఎంత వేగవంతమైన పోర్టు ఉన్నా మధ్యలో సౌండ్‌బార్ దగ్గర దారి ఇరుకైపోతుంది. సౌండ్‌బార్ మాన్యువల్‌లో 4కె 120 పంపగలదని స్పష్టంగా రాసి ఉంటే తప్ప ఆ దారి పట్టకండి. కన్సోల్ శబ్దం టీవీకి వెళ్లి, అక్కడి నుంచి ఇ-ఆర్క్ దారిలో సౌండ్‌బార్‌కు చేరుతుంది. వేరే తీగ అక్కర్లేదు.

గోడ లోపలి తీగ సంగతి

పోర్టు మార్చి కన్సోల్ వేశాం. ఆట మొదలయ్యాక పది పన్నెండు సెకన్లకోసారి తెర నల్లబడి మళ్లీ వస్తోంది. తమ్ముడి ముఖం వాడిపోయింది. నేను మాత్రం గోడ వైపు చూశాను.

బెంగళూరు ఫ్లాట్లలో ఇంటీరియర్ పని చేయించేటప్పుడు టీవీ గోడలో ఒక గొట్టం వేసి, అందులోంచి హెచ్‌డిఎంఐ తీగలు ముందే లాగి పెడతారు. ఆ తీగలు టీవీ కొనడానికి ఎంతో ముందు వేసినవి, పొడవైనవి, ఎక్కువగా పాత వేగానికి చేసినవి. 60 హెర్ట్జ్‌కు అవి చక్కగా సరిపోతాయి. 120కి వెళ్లగానే తడబడతాయి. తెర నల్లబడి తిరిగి రావడం, చిత్రంలో తెల్లని చుక్కలు మెరవడం, 120లో పెట్టగానే సిగ్నల్ లేదని రావడం, ఇవన్నీ తీగ చాలడం లేదనే గుర్తులు. పోర్టు తప్పయితే 4కెలో 120 అసలు కనిపించదు. తీగ తప్పయితే 120 కనిపిస్తుంది కానీ నిలవదు. ఈ తేడా గుర్తుంచుకుంటే సగం వెతుకులాట తప్పుతుంది.

పరీక్ష చాలా తేలిక. కన్సోల్ పెట్టెలో వచ్చిన తీగను తీసి, గోడ గొట్టాన్ని పక్కన పెట్టి, కన్సోల్‌ను టీవీకి దగ్గరగా ఒక స్టూలు మీద పెట్టి నేరుగా కలపండి. పిఎస్5తోనూ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌తోనూ వచ్చే తీగ ఈ వేగానికి తగినదే. మేం అలా పెట్టాక అరగంట ఆడినా తెర ఒక్కసారి కూడా నల్లబడలేదు. అంటే తప్పు తీగదే.

ఆ పాత తీగను పారేయకండి. సౌండ్‌బార్‌కు వెళ్లే దారిలో శబ్దం మాత్రమే ప్రయాణిస్తుంది, దానికి అంత వేగం అవసరం లేదు. ఇ-ఆర్క్‌కు ఈథర్‌నెట్ సౌకర్యం ఉన్న పాత హై స్పీడ్ తీగ చాలు. అందుకని గోడలోని తీగను సౌండ్‌బార్‌కు ఇచ్చి, కన్సోల్‌కు కొత్తది తెచ్చాం. కొత్తది కొనేటప్పుడు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారులో అయినా ఆన్‌లైన్‌లో అయినా పెట్టె మీద `Ultra High Speed HDMI Cable` అనే ముద్ర, దానితో క్యూఆర్ కోడ్ ఉన్న చీటీ ఉందో లేదో చూడండి. `8K` అని పెద్ద అక్షరాలతో రాసినంత మాత్రాన చాలదు. అవసరమైనంత పొడవే తీసుకోండి. మామూలు రాగి తీగ అయితే రెండు మూడు మీటర్లకు మించకుండా చూసుకోవడం మంచిది.

స్టిక్‌కు మిగిలినదే చాలు

స్టిక్ విషయంలో పోర్టు గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. 4కె స్టిక్ కూడా 60 హెర్ట్జ్ దాటి పంపదు. సినిమాలు సెకనుకు 24 ఫ్రేములే. కాబట్టి 18 గిగాబిట్ల పోర్టులో దానికి కొదవేమీ లేదు. 4వ పోర్టులో ఉన్న స్టిక్‌ను తీసి 1వ పోర్టుకు మార్చినందువల్ల చిత్రంలో రవ్వంత తేడా కూడా రాదు. ఈ మాట పిన్ని నమ్మలేదు. అదే సినిమాలో అదే దృశ్యాన్ని రెండు పోర్టుల్లోనూ పెట్టి చూపించాక ఒప్పుకుంది.

స్టిక్‌కు ముఖ్యమైనవి వేరే రెండున్నాయి. మొదటిది కరెంటు. స్టిక్‌ను టీవీలోని యుఎస్‌బి రంధ్రం నుంచి నడపడం చాలామందికి అలవాటు, తీగలు తక్కువ కనిపిస్తాయని. కానీ టీవీలోని మామూలు యుఎస్‌బి 2.0 రంధ్రం ఇచ్చేది అర ఆంపియరు. ఫైర్ టీవీ స్టిక్‌తో వచ్చే అడాప్టర్ ఒక ఆంపియరుది. సగం కరెంటుతో నడిస్తే స్టిక్ మధ్యలో ఆగి మళ్లీ మొదలవడం, యాప్ తెరవగానే మూసుకుపోవడం లాంటివి జరుగుతాయి. పోర్టు పాడయిందని దాన్ని తిట్టుకునే ముందు అడాప్టర్‌ను గోడ సాకెట్‌లో పెట్టి చూడండి.

రెండోది వైఫై. టీవీ వెనుక లోహపు పలకకు అతుక్కుని ఉన్న స్టిక్‌కు రౌటర్ సిగ్నల్ బలహీనంగా అందుతుంది. పెట్టెలో వచ్చే చిన్న పొడిగింపు తీగను చాలామంది పక్కన పడేస్తారు. దాన్ని తప్పక వాడండి. స్టిక్ టీవీ అంచు వైపు కాస్త బయటికి వస్తుంది, పక్క పోర్టుకు అడ్డం పడదు. పక్కవైపు తెరుచుకునే పోర్టు ఖాళీగా ఉంటే స్టిక్‌ను అందులో పెట్టడం నాకు ఇష్టం. తీసి ఊరికి పట్టుకుపోయే వస్తువు అదొక్కటే కదా.

సెట్‌టాప్ బాక్సుకు 2వ పోర్టు ఇచ్చాం. వాళ్లది ఫుల్ హెచ్‌డి బాక్సు, ఏ పోర్టయినా ఒకటే.

పోర్టును మేల్కొలపండి

తీగలన్నీ మార్చాక కూడా చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కొన్ని టీవీల్లో వేగవంతమైన పోర్టు కూడా మొదట్లో పాత పద్ధతిలోనే ఉంటుంది, మనమే సెట్టింగులో మార్చాలి. సోనీలో ఇది `HDMI signal format` పేరుతో ఉంటుంది, దాన్ని `Enhanced format` లేదా దాని తర్వాతి స్థాయికి మార్చాలి. ఎల్‌జీలో `HDMI Deep Colour`, శాంసంగ్‌లో `Input Signal Plus` అని వెతకండి. ఈ సెట్టింగు ఒక్కో పోర్టుకు విడివిడిగా ఉంటుంది. కన్సోల్‌ను 1 నుంచి 4కు మార్చినప్పుడు 1వ పోర్టుకు చేసిన మార్పు దానితో పాటు రాదు, 4వ దానికి మళ్లీ చేయాలి. స్టిక్ పెట్టిన పోర్టుకు కూడా దీన్ని మార్చండి, లేకపోతే 4కె సినిమాలో వెలుగునీడల లోతు పెంచే హెచ్‌డిఆర్ రాకపోవచ్చు. సెట్‌టాప్ బాక్సు పోర్టును కదిలించకండి, కొన్ని పాత బాక్సులకు ఈ మార్పు పడదు.

కన్సోల్ వైపు, పిఎస్5లో `Settings` లోకి వెళ్లి `Screen and Video`, అందులో `Video Output` తెరవండి. `Enable 120 Hz Output` ను `Automatic` చేయండి. అక్కడే ఉన్న `Video Output Information` పేజీలో ఇప్పుడు వెళ్తున్న చిత్రం వివరాలూ, టీవీ ఏమేమి తీసుకోగలదో ఆ జాబితా కనిపిస్తాయి. జాబితాలో `3840 x 2160` కు 120 హెర్ట్జ్ కనిపిస్తే పోర్టు సరైనదే. ఎక్స్‌బాక్స్ వాళ్లకు `General` కింద `TV & display options` లో `4K TV details` అనే పేజీ ఇదే పని చేస్తుంది.

ఒక విషయంలో తొందరపడకండి. పిఎస్5 మొదటి తెర మీద ఉన్నప్పుడు ఇప్పటి వేగం 60 అనే చూపించవచ్చు. 120 పద్ధతి ఉన్న ఆట తెరిచినప్పుడే అది మారుతుంది. అన్ని ఆటల్లోనూ ఆ పద్ధతి ఉండదు. ఉన్న వాటిలోనూ కొన్నింటిలో చిత్రం నాణ్యత కన్నా వేగానికి ప్రాధాన్యం ఇచ్చే పద్ధతిని ఎంచుకోవాలి. తమ్ముడి ఆటలో ఆ ఐచ్ఛికం చిత్రం సెట్టింగుల్లో రెండో పేజీలో కనిపించింది. దాన్ని వేసి, రిమోట్‌లో సమాచారం బటన్ నొక్కితే టీవీ తెర మూలన 120 అని పడింది. ఆ అంకె ఫోటో తీసి స్నేహితులకు పంపేదాకా ఆట మొదలుపెట్టలేదు.

శబ్దం కూడా సరిచూసుకోండి. స్టిక్‌లో అట్మాస్ ఉన్న సినిమా పెట్టి సౌండ్‌బార్ మీద గుర్తు వెలుగుతుందో లేదో చూడండి. ఓటీటీ సినిమాల అట్మాస్‌కు మామూలు ఆర్క్ కూడా సరిపోతుంది. ఇ-ఆర్క్ అసలు అవసరం కన్సోల్‌కు వస్తుంది. ఆటల్లో చుట్టూ వినిపించే శబ్దాన్ని కుదించకుండా పంపితే అది మామూలు ఆర్క్‌లో పట్టక రెండు స్పీకర్ల శబ్దంగా తగ్గిపోతుంది. మీ సౌండ్‌బార్‌లో ఆర్క్ మాత్రమే ఉంటే, పిఎస్5 శబ్దం సెట్టింగుల్లో `Linear PCM` తీసి `Dolby` రకాన్ని ఎంచుకోండి.

వేగవంతమైన పోర్టు ఒక్కటే ఉండి, ఇ-ఆర్క్ కూడా దానికే ఉంటే?

ఇది నిజంగా ఇబ్బంది పెట్టే సందర్భం. ఒకే పోర్టును కన్సోలూ సౌండ్‌బారూ రెండూ కోరతాయి. సౌండ్‌బార్ తన గుండా 4కె 120 పంపగలిగితే, కన్సోల్‌ను సౌండ్‌బార్‌లో పెట్టి సౌండ్‌బార్‌ను ఆ పోర్టులో పెట్టండి, చిక్కు వీడిపోతుంది. అలా కాకపోతే ఒకటి వదులుకోవాలి.

నా మాట అడిగితే, ఆ పోర్టు సౌండ్‌బార్‌కే ఇవ్వండి. సౌండ్‌బార్ ఇంట్లో ప్రతి ఒక్కరూ రోజూ వాడతారు. ఆటల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ 30 లేదా 60 ఫ్రేముల్లోనే నడుస్తాయి, వాటికి మామూలు పోర్టు చాలు. అయితే ఇంట్లో ఒకరు రోజూ గంటల తరబడి పోటీ షూటింగ్ ఆటలే ఆడుతూ, హెడ్‌ఫోన్లతో ఆడే అలవాటున్నవారైతే లెక్క మారుతుంది. అప్పుడు కన్సోల్‌ను వేగవంతమైన పోర్టులో పెట్టి, సౌండ్‌బార్‌ను ఆప్టికల్ తీగతో సరిపెట్టుకోండి. అట్మాస్ పోతుంది, రెండో రిమోట్ వస్తుంది, మామూలు 5.1 డాల్బీ శబ్దం మాత్రం ఉంటుంది.

తర్వాత వచ్చే రెండు చిక్కులు

మొదటిది వారంలోనే వచ్చింది. పిన్ని రాత్రి సీరియల్ చూసి టీవీ ఆపేసింది. వెనుక కన్సోల్‌లో తమ్ముడు సగంలో ఉంచిన ఆట కూడా నిద్రలోకి వెళ్లిపోయింది. ఇది సిఇసి పనే. విసుగొచ్చి టీవీలో సిఇసి తీసేస్తే సౌండ్‌బార్ మూగబోతుంది. అందుకని టీవీలో దాన్ని అలాగే ఉంచి కన్సోల్ వైపే ఆపండి. పిఎస్5లో `Settings` కింద `System`, అందులో `HDMI` తెరిస్తే `Enable Power Off Link` కనిపిస్తుంది. అది ఒక్కటి తీసేస్తే చాలు.

రెండోది కరెంటు పోయి వచ్చినప్పుడు. ఇంట్లో యుపిఎస్ లేకపోతే టీవీ, సౌండ్‌బార్ ఒకేసారి మేల్కొని ఒకదాన్నొకటి గుర్తుపట్టడంలో తడబడతాయి. చిత్రం ఉంటుంది, శబ్దం ఉండదు. తీగలు పీకి పోర్టులు మార్చడం మొదలుపెట్టకండి. రెండింటినీ గోడ స్విచ్ దగ్గర ఆపి ఒక నిమిషం ఆగండి, సౌండ్‌బార్ ముందు వేసి, అది పూర్తిగా మేల్కొన్నాక టీవీ వేయండి. మా పిన్ని ఈ వరుసను ఒక చీటీ మీద రాసి స్విచ్‌బోర్డు పక్కన అంటించుకుంది. దాని కిందే మరో చీటీ ఉంది: 1 స్టిక్, 2 బాక్సు, 3 సౌండ్‌బార్, 4 పిఎస్5.